క్లయింట్ సంతోషంగానే ఉన్నారు, టెస్టిమోనియల్ మాత్రం రావట్లేదు. డ్రాఫ్ట్ మనమే రాసి పంపొచ్చా?

లేబుల్_బెజవాడ
నేను సొంతంగా లేబుళ్ళు, ప్యాకింగ్ డిజైన్లు చేస్తాను. ఎక్కువగా పచ్చళ్ళు, పొడులు, స్వీట్ల వాళ్ళే వస్తారు. భీమవరం వైపు ఒక పచ్చళ్ళాయనకి ఈమధ్య సీసాల లేబుళ్ళన్నీ మార్చి ఇచ్చాను. అంతకుముందు ఆయన వాడినవి మామూలు కాగితం లేబుళ్ళు. నూనె తగిలితే కాగితం పీల్చేసుకునేది, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు కనపడేవి కావు, దుకాణాల వాళ్ళు సీసాలు తిప్పి పంపేవారు. నేను ప్లాస్టిక్ ఫిల్మ్ లేబుల్‌కి మార్పించాను. ఒక్కో పచ్చడికి ఒక్కో రంగు పట్టీ పెట్టాను.

సరుకు దుకాణాలకి వెళ్ళాక ఆయనే ఫోన్ చేశారు. "అమ్మాయ్, ఇప్పుడు నూనె కారినా పేరు చెరగట్లేదు. గోంగూర అడిగితే మా కుర్రాడు మాగాయ తీసివ్వడం కూడా ఆగిపోయింది" అన్నారు. నా సైట్‌లో పెట్టుకుంటాను, రెండు ముక్కలు రాసివ్వండి బాబాయ్ గారూ అని అడిగితే, "దానికేముందమ్మా" అన్నారు. తర్వాత ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ అడిగాను. "నాకు రాయడం రాదు, నువ్వే ఏదో రాసేసుకో" అన్నారు.

నేనే రాసి ఆయనకి పంపి సరే అనిపించుకోవచ్చా? రాసి చూశాను, ఇదిగో:

"అత్యుత్తమ నాణ్యత, వృత్తి నైపుణ్యం, సకాలంలో సేవలు. వీరి డిజైన్ల వల్ల మా వ్యాపారం ఎంతో అభివృద్ధి చెందింది. అందరికీ సిఫార్సు చేస్తున్నాము."

ఇది పంపాలంటే చెయ్యి రావట్లేదు. ఎందుకో మీరే చెప్పండి.

గోదారిగట్టు
ఆయనే రాసేసుకో అన్నారుగా. పెట్టేసుకోండి, ఇంక పంపడం ఎందుకు?

కర్నూలు_కాంట్రాక్టర్
మా లైన్లో ఇది ఎప్పటినుంచో ఉన్నదేనమ్మా. పని పూర్తయినట్టు సర్టిఫికెట్ కావాలంటే మేమే మ్యాటర్ టైపు చేయించి తీసుకెళ్తాం. ఆఫీసులో లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్టాంపు వేస్తారు. పని పేరు, అగ్రిమెంటు నంబరు, మొత్తం విలువ, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ రాసి ఇవ్వు. రెండు కాపీలు పట్టుకెళ్ళు, ఒకటి వాళ్ళ ఫైల్లోకి పోతుంది.

లేబుల్_బెజవాడ
కాంట్రాక్టర్ గారూ, నాకు కావాల్సింది టెండర్‌లో పెట్టే సర్టిఫికెట్ కాదండి. కొత్తగా వచ్చేవాళ్ళు సైట్ చూసినప్పుడు "ఈమె పని ఇలా ఉంటుంది" అని ఆయన నోటి నుంచి వినాలి. రెండు మూడు వాక్యాలు చాలు.

కర్నూలు_కాంట్రాక్టర్
ఓహో, అట్లనా. సరే, రెండు కాపీలు అక్కర్లేదు అయితే.

ఉన్నమాట
నాకు ఈ పద్ధతే నచ్చదు. మనల్ని మనమే పొగుడుకుని కింద ఇంకొకరి పేరు పెట్టడమే కదా ఇది. ఆయనకి నిజంగా చెప్పాలనిపిస్తే ఆయనే చెప్తారు. చెప్పకపోతే వదిలెయ్యాలి.

తెనాలి_అనువాదిని
ఉన్నమాట గారు అన్నదాంట్లో సగం నేను ఒప్పుకుంటాను. పైన పెట్టిన డ్రాఫ్ట్ చూస్తే ఆయన అభ్యంతరం న్యాయమే. అందులో పచ్చళ్ళాయన అన్న మాట ఒక్క ముక్క కూడా లేదు. ఆ మూడు వాక్యాలు టైల్స్ షాపుకీ సరిపోతాయి, ట్యూషన్ సెంటర్‌కీ సరిపోతాయి. మీకు చెయ్యి రాకపోవడానికి కారణం అదే అనుకుంటున్నాను.

అయితే ఆయన ఇప్పటికే చెప్పేశారు కదా. ఫోన్లో చెప్పారు, అంతే తేడా. నూనె కారినా పేరు చెరగట్లేదు అన్నారు, గోంగూర బదులు మాగాయ ఇవ్వడం ఆగింది అన్నారు. ఆ మాటల్ని కాగితం మీదకి ఎక్కించి, "ఇది మీరు అన్నదేనా, మార్చాల్సింది ఏమైనా ఉందా" అని ఆయన ముందు పెట్టడం మోసం కాదు. ఆయన చెప్పనిది చేర్చితే మోసం. గోదారిగట్టు గారన్నట్టు చూపించకుండా పెట్టేసుకున్నా తప్పే. "రాసేసుకో" అంటే రాయమని అనుమతి. రాసింది ఆయన ఇంకా చూడలేదు కదా.

నేను అనువాదాలు చేస్తాను. నా క్లయింట్లలో సగం మంది రాయడానికి బద్ధకించేవాళ్ళే, కాబట్టి నేను చేసేది చెప్తాను. క్లయింట్ మెచ్చుకుంటూ ఫోన్ చేసినా, వాట్సాప్‌లో వాయిస్ పంపినా, ఆ మాటలు అలాగే ఒక నోట్‌లో రాసుకుంటాను. నా భాషలోకి మార్చను. డ్రాఫ్ట్ రాసేటప్పుడు ముందు వాళ్ళ ఇబ్బంది ఏమిటో ఒక వాక్యం, తర్వాత ఏం మారిందో ఒకటి రెండు వాక్యాలు. మొత్తం 40, 50 మాటలు దాటనివ్వను. పొగడ్త నా అంతట నేను రాయను. వాళ్ళకి అనిపిస్తే చివర్లో వాళ్ళే తగిలిస్తారు.

లేబుల్_బెజవాడ
ఇలా అయితే పంపగలను. రాత్రికి మళ్ళీ రాసి పెడతాను.

డాలస్_చిన్నోడు
ఇక్కడ అమెరికాలో దీనిమీద రాతపూర్వకంగానే ఉంది. వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ మార్గదర్శకాల్లో, ఎండార్స్‌మెంట్ అచ్చంగా ఆ మనిషి వాడిన మాటల్లోనే ఉండక్కర్లేదు అని ఉంటుంది. "ఇవి ఆయన మాటలే" అని మనం చెప్పుకుంటే మాత్రం ఉండాలి. మాటలు మార్చినా అభిప్రాయం వంకర పోకూడదు. 2024 అక్టోబరు నుంచి నకిలీ రివ్యూలు, నకిలీ టెస్టిమోనియల్స్ మీద విడిగా ఒక రూలే అమల్లోకి వచ్చింది. మనూళ్ళో వర్తించదనుకోండి, కానీ గీత ఎక్కడుందో తెలుస్తుంది.

తెనాలి_అనువాదిని
మన దగ్గరా ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. ఆమోదం చెప్పే మనిషికి నిజంగా ఆ అభిప్రాయం ఉండాలి, అది ఇప్పటి అభిప్రాయం అయ్యుండాలి, తగినంత అనుభవమో సమాచారమో ఉండి చెప్పాలి అని. వాక్యం ఎవరు టైపు చేశారన్నది కాదు వాళ్ళ పట్టింపు.

ఉన్నమాట
చట్టం ఒప్పుకున్నంత మాత్రాన అయిపోయిందా? చదివేవాడు ఆయన కూర్చుని రాశాడనే అనుకుంటాడు. నా బాధ అది.

సెల్ఫీ_శీను
ఇంత గొడవ ఎందుకక్కా, వాట్సాప్ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి సైట్‌లో పెట్టెయ్. అసలైన మాటలు, అసలైన రుజువు. నేను పెళ్ళిళ్ళ ఫోటోలు తీస్తా, నా పేజీ నిండా అవే.

పాతబస్తీ_ప్రింటర్
శీనూ, అసలైన మాటలు అన్నావే, అంతవరకూ కరెక్టే. కానీ వాళ్ళు నీకు పంపిన మెసేజ్ నీకోసం పంపింది, ఊరంతా చదవడానికి కాదు. పైన నంబరు, డీపీలో పిల్లల ఫోటో కూడా పడతాయి. నా కస్టమర్ ఒకావిడ మెసేజ్‌ని ఇంకో ప్రెస్ అతను ఇలాగే పెట్టాడు. అందులో ఆవిడ ఎంత కట్టిందో రేటు కూడా ఉంది. మర్నాటి నుంచి అందరూ ఆ రేటుకే చెయ్యమని ఆయన మీద పడ్డారు, ఆవిడేమో నన్నడక్కుండా ఎందుకు పెట్టావని పోట్లాడింది.

సెల్ఫీ_శీను
నంబరు చెరిపేస్తా కదన్నా.

పాతబస్తీ_ప్రింటర్
చెరుపు, మంచిదే. పెట్టేముందు అడుగు కూడా. చెరపడం, అడగడం రెండూ వేరు పనులు.

సీఏ_నెల్లూరు
మా వృత్తిలో ఈ ప్రశ్నే పుట్టదు. చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949 ప్రకారం మేం పని కోసం ప్రకటనలు చేసుకోవడం వృత్తిపరమైన తప్పు. మా ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన మినహాయింపుల్లో కూడా టెస్టిమోనియల్స్ పెట్టుకోవడానికి లేదు. క్లయింట్ సంతోషపడి రాసిచ్చినా సైట్‌లో పెట్టలేం. లాయర్లకీ బార్ కౌన్సిల్ నిషేధం ఉంది. ఈ చర్చ చదివి అలాంటివాళ్ళు ఎవరైనా డ్రాఫ్టులు పంపడం మొదలుపెడతారేమోనని చెప్తున్నా.

లేబుల్_బెజవాడ
మళ్ళీ రాశాను. చూడండి:

"మా పచ్చళ్ళ సీసాలకి ఇంతకుముందు కాగితం లేబుళ్ళు ఉండేవి. నూనె తగిలితే పేరు, తేదీ కనపడేవి కావు, సీసాలు తిరిగొచ్చేవి. ఇప్పుడు వేసిన లేబుల్ చెరగదు, ఊడదు. పచ్చడికో రంగు ఉండటంతో గోంగూర అడిగితే మాగాయ ఇవ్వడం ఆగిపోయింది. రిటర్నులు 90 శాతం తగ్గాయి."

గోదారిగట్టు
ఇది చదివితే మనిషి కనపడుతున్నాడు. బావుంది.

తెనాలి_అనువాదిని
చాలా మెరుగు. రెండు చోట్ల ఆగాను. 90 శాతం అని ఆయన అన్నారా? "ఊడదు" అని అన్నారా? మీ మొదటి పోస్టులో "చెరగట్లేదు" ఒక్కటే ఉంది.

లేబుల్_బెజవాడ
90 ఆయన అనలేదు. తిరిగొచ్చేవి బాగా తగ్గాయని మాత్రం అన్నారు. ఒక అంకె ఉంటే బలంగా ఉంటుందని వేశాను. ఊడదు అనేది కూడా నేను చేర్చిందే.

పాతబస్తీ_ప్రింటర్
ఊడదు అని మాత్రం రాయకండి, ప్రింటింగ్ వాడిగా చెప్తున్నా. ఫిల్మ్ మీద ఇంకు చెరగకపోవడం వేరు, వెనకున్న జిగురు పట్టడం వేరు. సీసా నింపేటప్పుడు బయట నూనె పడి, తుడవకుండా అంటిస్తే ఎంత ఖరీదైన ఫిల్మ్ అయినా అంచు లేస్తుంది. రేపు ఇంకో పచ్చళ్ళ వాళ్ళు ఈ మాట చూసి మీ దగ్గరికి వస్తారు, వాళ్ళ కుర్రాళ్ళు జిడ్డు సీసాలకి అంటిస్తారు, "ఊడదన్నారుగా" అని మీ మీదే పడతారు. పచ్చళ్ళాయన్ని కూడా ఇరికించినవాళ్ళవుతారు.

తెనాలి_అనువాదిని
అంకె సంగతి. మనం వేసి పంపితే ప్రమాదం ఏంటంటే, చాలామంది మొహమాటానికి సరే అనేస్తారు. అమ్మాయి మంచి పని చేసింది, ఎందుకు కాదనాలి అని. అందుకే నేను అంకె చోట ఖాళీ వదిలేసి, "తెలిస్తే ఇక్కడ రాయండి, లేకపోతే ఈ వాక్యం తీసేయండి" అని పక్కనే రాస్తాను. లెక్క ఉన్నవాళ్ళు నింపుతారు, లేనివాళ్ళు వాక్యం కొట్టేస్తారు. ఇప్పటిదాకా నాకు ఎవరూ గాలి అంకె వేసి ఇవ్వలేదు.

ఉన్నమాట గారు చెప్పే ఇబ్బంది అసలు ఇక్కడే ఉంది. డ్రాఫ్ట్ పంపడంతో పాటు, దాన్ని కాదనడం కూడా ఆయనకి తేలిక చెయ్యాలి.

ఉన్నమాట
ఇది ఒప్పుకుంటాను. మరి కాదనడం తేలిక చెయ్యడమంటే ఎలా? బెజవాడ అమ్మాయి అడిగితే ఆ పెద్దాయన కాదంటాడా?

తెనాలి_అనువాదిని
మెసేజ్‌లోనే రాయాలి. ఉన్నదున్నట్టు వాడుకోవచ్చా, మారుస్తారా, మొత్తం మీరే వేరేగా చెప్తారా, అసలు వద్దా, ఈ నాలుగూ ఆయన ముందుండాలి. వద్దన్నా మన పనికి, రేటుకి ఏ సంబంధం లేదని కూడా ఒక మాట. ఇది బిల్లుతో పాటు పంపకూడదు. డబ్బు రావాల్సి ఉన్నప్పుడు అడిగితే ఆయనకి అది బేరంలా కనపడుతుంది. తర్వాతి ఆర్డరులో తగ్గిస్తాను అని ఆశ పెట్టడం ఇంకా చెడ్డది.

ఎక్కడెక్కడ వాడతారో, ఆయన పేరు, ఊరు, సంస్థ పేరు వెయ్యొచ్చో లేదో కూడా అందులోనే అడగండి. తర్వాత మీరు కరపత్రంలో వేసుకుంటే "సైట్‌లో అన్నావుగా" అనే పరిస్థితి రాకూడదు.

డాలస్_చిన్నోడు
ఇంత పొడుగు మెసేజ్ ఆ పెద్దాయన చదువుతారా?

లేబుల్_బెజవాడ
అదే నాకూ అనిపించింది. అందుకని కుదించాను. రేపు పొద్దున ఇది పంపుదామనుకుంటున్నా:

"బాబాయ్ గారూ, ఆరోజు మీరు ఫోన్లో చెప్పిన మాటలు రాసి కింద పెట్టాను. నా సైట్‌లో, నేను కొత్తవాళ్ళకి పంపే కాగితాల్లో మీ పేరు, ఊరు, సంస్థ పేరుతో వేసుకోవచ్చా? మీరు అననిది ఏమైనా ఉంటే కొట్టేయండి, మార్చండి. రాయడం కష్టమైతే వాయిస్ పెట్టండి, నేనే దిద్ది మళ్ళీ చూపిస్తాను. వద్దనుకుంటే వద్దని చెప్పండి, నేనేమీ అనుకోను, మన పనికి దానికి సంబంధం లేదు.

మా పచ్చళ్ళ సీసాలకి ఇంతకుముందు కాగితం లేబుళ్ళు ఉండేవి. నూనె తగిలితే పేరు, తేదీ కనపడేవి కావు, దుకాణాల నుంచి సీసాలు తిరిగొచ్చేవి. ఇప్పుడు నూనె కారినా పేరు చెరగట్లేదు. పచ్చడికో రంగు ఉండటంతో గోంగూర అడిగితే మాగాయ ఇవ్వడం కూడా ఆగిపోయింది. (నెలకి ఇన్ని సీసాలు తిరిగొచ్చేవి, ఇప్పుడు ఇన్ని అని తెలిస్తే ఇక్కడ చెప్పండి, లేకపోతే వద్దు.)"

పాతబస్తీ_ప్రింటర్
పొద్దున వద్దు. పచ్చళ్ళ వాళ్ళకి పొద్దున ప్యాకింగ్ ఉంటుంది, చేతులకి కారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక పంపండి.

సెల్ఫీ_శీను
చేతికి కారంతో ఫోన్ ముట్టుకుని కళ్ళు నులుముకుంటే టెస్టిమోనియల్ సంగతి దేవుడెరుగు 😀

అమలాపురం_ఉష
నాదో సందేహం. నేను మాస్టర్స్‌కి వెళ్ళేటప్పుడు మా ప్రొఫెసర్ గారు సిఫార్సు లేఖ నన్నే రాసుకురమ్మన్నారు. నా గురించి నేను రాసుకోవడం చాలా కష్టమైంది. స్నేహితులందరం ఒకేలా రాశాం, ఆయన అన్నిటికీ సంతకం పెట్టారు. ఇక్కడ కూడా అదే అవుతుంది కదా? ఒకే మనిషి పది మంది క్లయింట్లకి డ్రాఫ్టులు రాస్తే సైట్‌లో పదీ ఒకే గొంతులా ఉంటాయి.

తెనాలి_అనువాదిని
ఉష గారూ, సరిగ్గా పట్టుకున్నారు. ఈ పద్ధతిలో నిజమైన లోపం అదే. నేను అన్నీ పక్కపక్కన పెట్టి గట్టిగా చదువుతాను. ఒకే విశేషణం మూడు చోట్ల కనపడితే అది నాదే. ఒక్కొక్కరూ ఒక్కో చోట మొదలుపెట్టారా, లేక అందరూ "ఇంతకుముందు... ఇప్పుడు" అనే వరసలోనే ఉన్నారా చూస్తాను. క్లయింట్ యాసలో మాట్లాడితే యాస ఉంచేస్తాను, వ్యాకరణం దిద్దను. ఆ మనిషి మాటలు ముందే రాసి పెట్టుకోకపోతే ఇది కుదరదు. నెలల తర్వాత గుర్తుతెచ్చుకుని రాస్తే మన గొంతే వస్తుంది.

గోదారిగట్టు
మరి ఇదే డ్రాఫ్ట్‌ని గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూగా కూడా పెట్టమనొచ్చా? ఒకే దెబ్బకి రెండూ అయిపోతాయి.

డాలస్_చిన్నోడు
అక్కడ వద్దు. గూగుల్‌లో రివ్యూ అంటే ఆ మనిషి తన ఖాతా నుంచి తన అనుభవం రాయడం. మనం రాసిచ్చింది అతికించమనడం ఆ పద్ధతికి విరుద్ధం. డిస్కౌంటు లాంటివి ఇచ్చి రివ్యూ అడగడాన్ని వాళ్ళ నియమాలు నేరుగా కాదంటాయి. లింకు పంపి "మీకు తోచింది రాయండి" అనడం వరకే. మన సైట్‌లో వేసేది, ఇది ఫలానా వాళ్ళ మాట అని మనం వేసుకునేది, కాబట్టి వాళ్ళకి చూపించి ఒప్పించుకోవడం చాలు.

లేబుల్_బెజవాడ
జవాబొచ్చింది! భోజనాలయ్యాక పంపాను, సాయంత్రం వాయిస్ పెట్టారు. ఆయన అన్నది రాసి మళ్ళీ చూపించాను, "ఇదే ఉంచు" అన్నారు. ఇదీ చివరి రూపం:

"మా సీసాలకి ఇదివరకు కాగితం లేబుళ్ళు. నూనె తగిలితే పేరు కనపడేది కాదు, తేదీ కనపడేది కాదు, కొట్లవాళ్ళు తిప్పి పంపేవారు. ఇప్పుడు నూనె కారినా చెరగట్లేదు. కాకపోతే సీసా శుభ్రంగా తుడిచి అంటించాలి, ఆ అమ్మాయి వచ్చి మా ఆడవాళ్ళకి ఎలా అంటించాలో చూపించి వెళ్ళింది. గోంగూర అడిగితే మాగాయ ఇవ్వడం కూడా తప్పింది."

అంకె ఇవ్వలేదు. "లెక్క రాయలేదమ్మా, తగ్గాయంతే" అన్నారు, ఆ తగ్గాయి అన్న మాట కూడా తీసేయమన్నారు. కొట్లవాళ్ళని తప్పుపట్టినట్టు ఉంటుందేమోనని ముందు కాస్త తటపటాయించారు, తర్వాత ఉండనీ అన్నారు. సంస్థ పేరు వెయ్యొచ్చు, ఫోటో వద్దు అన్నారు. వాయిస్ మెసేజ్, ఆయన "ఇదే ఉంచు" అన్నది రెండూ దాచిపెట్టుకున్నాను.

పాతబస్తీ_ప్రింటర్
చూశారా, తుడిచి అంటించాలి అని ఆయనే చెప్పారు. మీరు వెళ్ళి చూపించారన్న సంగతి మీరు ఇక్కడ కూడా చెప్పలేదు. నేను లేబుళ్ళు కొనేవాణ్ణయితే ఆ వాక్యం చూసి మీకు ఫోన్ చేస్తాను.

తెనాలి_అనువాదిని
నిజం. అది మీ డ్రాఫ్ట్‌లో ఉండే అవకాశమే లేదు, మీ దృష్టిలో అది పనే కాదు కాబట్టి. "కొట్లవాళ్ళు" కూడా దిద్దకుండా ఉంచినందుకు సంతోషం.

ఉన్నమాట
ఇది చదివాక నా మాట కొంత సడలిస్తాను. ఇందులో ఆయన ఉన్నాడు. కానీ నేనైతే డ్రాఫ్ట్ లేకుండా రెండు ప్రశ్నలు అడిగి వాయిస్ పెట్టమనేవాణ్ణి. అప్పుడు ఇంకేం చెప్పేవాడో ఎవరికి తెలుసు? మన కాగితం చూశాక మనిషి ఆ దారిలోనే ఆలోచిస్తాడు.

తెనాలి_అనువాదిని
నేను రెండూ చేసి చూశాను. మాట్లాడే అలవాటున్నవాళ్ళకి మీ పద్ధతే మంచిది. ప్రశ్నలడిగితే "అంతా బాగుందండి" అని ఊరుకునేవాళ్ళకి మాత్రం ముందు ఏదో ఒకటి కనపడాలి, దాన్ని కాదనడానికైనా నోరు తెరుస్తారు.

అమలాపురం_ఉష
పెద్ద కంపెనీల సంగతేంటి? నేను చేసిన ట్రైనింగ్ బాగుందని ఒక మేనేజర్ గారు మెయిల్ పెట్టారు. డ్రాఫ్ట్ పంపితే లీగల్ వాళ్ళకి పంపాలన్నారు. అంతే, అక్కడే ఆగింది.

డాలస్_చిన్నోడు
కంపెనీ పేరు పెడితే అలాగే అవుతుంది. కంపెనీ పేరు లేకుండా హోదా, రంగం మాత్రం వేసుకోవచ్చా అని అడిగి చూడండి. మీ ఒప్పందంలో గోప్యత క్లాజు ఉంటే ముందు అది చదవండి, ఒక్కోసారి క్లయింట్ అని చెప్పుకోవడానికి కూడా ఒప్పుకోరు. వారానికోసారి గుర్తుచేయకండి. ఒక్కసారి అడిగి వదిలేయండి.

అమలాపురం_ఉష
పేరు లేకుండా "ఒక ప్రముఖ సంస్థ మేనేజర్" అని వేస్తే ఎవరైనా నమ్ముతారా?

ఉన్నమాట
నేను నమ్మను.

పాతబస్తీ_ప్రింటర్
అందులో ఏం రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఉష గారూ, పేరు తీసేసి ఆ మెయిల్లో ఆయన ఏమన్నారో ఇక్కడ పెట్టండి, చూద్దాం.

అమలాపురం_ఉష
అది కూడా ముందు ఆయన్ని అడగాలిగా. అడిగి వస్తాను.